ఇచ్చోడ బస్సులో వచ్చిన కవరు

కాలేజీ మెయిల్ పాస్‌వర్డ్ విద్యార్థి చేతిలో ఉండకూడదు. ఈ సంగతి లక్ష్మీకాంతరావు సారుకు తెలియక కాదు. ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే మనిషికి ప్లేస్‌మెంట్ల బాధ్యత కూడా అంటగట్టి, పైగా పేపర్లు దిద్దడానికి హైదరాబాదుకు పంపిస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? క్లాసులో కాస్త చురుగ్గా కనిపించే విక్రాంత్‌ను పిలిచి, చిన్న కాగితం మీద పాస్‌వర్డ్ రాసిచ్చాడు. ఏ మెయిల్ వచ్చినా చూసి జవాబు ఇవ్వమన్నాడు, అనుమానం వస్తే ఫోన్ చేయమన్నాడు. అలా కరీంనగర్‌లోని ఆ పాలిటెక్నిక్ కాలేజీ తరఫున మాట్లాడే అధికారం పందొమ్మిదేళ్ల కుర్రాడి జేబులోకి వచ్చింది.

డిప్లొమా చివరి ఏడాదిలో ఆరు నెలలు ఫ్యాక్టరీలో శిక్షణ పొందాలి. లక్సెట్టిపేట దాటాక ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు ఎలక్ట్రికల్ పిల్లలకు ప్రతి ఏడాదీ రెండే రెండు ఇంటర్న్‌షిప్‌లు ఇస్తారు. స్టైపెండ్ ఉంటుంది, హాస్టల్ ఉంటుంది. బాగా చేసినవాళ్లను తర్వాత ఉద్యోగంలోకీ తీసుకుంటారు. అది దొరకనివాళ్లు ఏ సబ్‌స్టేషన్‌కో పోయి, లాగ్‌బుక్కులో సంతకాలు పెట్టించుకుని, ఆరు నెలలు కుర్చీలు అరగదీసి రావాలి. ఈసారి ఇంటర్వ్యూలయ్యాక ఫ్యాక్టరీ వాళ్లు మూడు పేర్లు పంపారు. మొదటిది స్నిగ్ధ, రెండోది అతీక్. మూడోది విక్రాంత్, కానీ దాని పక్కన వెయిటింగ్ అని ఉంది.

ఆ ఒక్క మాటను విక్రాంత్ ఇంట్లో చెప్పలేదు. లిస్టులో పేరుందని మాత్రం చెప్పాడు. వాళ్ల నాన్న సంతోష్‌రావుకు అది చాలు. ముప్ఫై ఎకరాలూ రైసుమిల్లులో వాటా ఉన్న ఆ మనిషి, కొడుకు బీటెక్ కాకుండా డిప్లొమాలో చేరినందుకు మూడేళ్లుగా చుట్టాల్లో తల ఎత్తుకోలేకపోతున్నాననుకునేవాడు. ఇప్పుడు ఫోన్ తీసి కొడుకు పెద్ద ఫ్యాక్టరీలో చేరుతున్నాడని కనబడ్డవాడికల్లా చెప్పేశాడు. ఆ రోజే కాదు బాపూ అని ఉంటే సరిపోయేది. అనలేదు.

ఆఫర్ లెటర్‌లో షరతులు స్పష్టంగానే ఉన్నాయి. ఒప్పుకున్నవాళ్లు లెటర్ రెండో పేజీలో సంతకం పెట్టి, జాయినింగ్ తేదీ జూలై ఎనిమిది అని తమ చేత్తో రాయాలి. తండ్రి అంగీకార పత్రం, సర్కారు డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లు, ఫొటోలు జతచేయాలి. అన్నీ స్కాన్ చేసి, కాలేజీ మెయిల్ నుంచే, రెండో తారీఖు గురువారం సాయంత్రం అయిదింటిలోగా పంపాలి. రానివాళ్లు వద్దనుకున్నట్టు లెక్క. వాళ్ల చోటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు పోతుంది.

స్నిగ్ధది కరీంనగరే కాబట్టి బుధవారమే అన్నీ తెచ్చి విక్రాంత్ చేతిలో పెట్టింది. అతీక్‌ది ఇచ్చోడ. తండ్రి సంతకం కోసం, డాక్టరు సర్టిఫికెట్ కోసం ఊరికి పోయాడు. పోయిన రాత్రి నుంచే ఆదిలాబాద్ వైపు ముసురు పట్టుకుంది. కరెంటు పోయింది, దాని వెనకే సెల్ టవరూ పోయింది. ఊళ్లో స్కాన్ చేసే దుకాణం తలుపు కూడా తెరవలేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి విక్రాంత్‌కు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. హైవే మీది డాబాలో ఎవరి ఫోనో అడిగి తీసుకుని అతీక్ మాట్లాడుతున్నాడు. కాగితాలన్నీ కవర్లో పెట్టి కరీంనగర్ బస్సు డ్రైవర్ ఓంప్రకాశ్‌కు ఇచ్చానని చెప్పాడు. ఆ డ్రైవర్ సీటు పైన ఉండే అర ఇచ్చోడ వాళ్లకు ఏళ్ల తరబడి పోస్టాఫీసు కింద లెక్క. మందుల చీటీలు, పిల్లల టీసీలు, మరిచిపోయిన కళ్లద్దాలు అన్నీ అందులోనే పోయేవి. ఒక్కటీ పోగొట్టింది లేదు.

"బస్సు రెండింటికి వస్తదిరా. నువ్వే పోయి తీస్కో. ఎనిమిదో తారీఖే జాయినింగ్ అని రాసిన. జర మర్వకురా విక్రాంత్, నీ మీదనే ఉన్నది," అన్నాడు అతీక్.

"నువ్వేం ఫికర్ చెయ్యకు," అన్నాడు విక్రాంత్. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. ఇది మాత్రం అతని పక్షాన చెప్పి తీరాలి.

రెండుంబావుకు బస్టాండులో బస్సు ఆగింది. ఓంప్రకాశ్ దిగి, టీ కూడా తాగకుండా ప్లాట్‌ఫారం మీద నిలబడి అడిగి, పేరు చెప్పించుకుని మరీ కవరు ఇచ్చాడు. వాన పడుతుందని దాన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఉంచారు. విక్రాంత్ బెంచీ మీద కూర్చుని విప్పాడు. అన్నీ ఉన్నాయి. సంతకం ఉంది, తేదీ ఉంది. తండ్రి అజీముద్దీన్ ఉర్దూలో పెట్టిన సంతకం ఉంది, దాని కింద తెలుగులో కూడబలుక్కుని రాసిన పేరు ఉంది. ఫొటోలు తడవకుండా అగ్గిపెట్టె అట్టలో పెట్టారు. చివర అతీక్ రాసిన చీటీ ఒకటి.

"నువ్వు గూడ ఫిట్‌నెస్ చేయించి పెట్టుకోరా. వెయిటింగ్ కదిలితే టైం ఉండదు. ముగ్గురం పోతే మస్తుంటది."

ఆ చీటీ చదివినప్పుడు విక్రాంత్‌కు సిగ్గేయలేదు, భయమేసింది. ఎందుకంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అప్పటికే చేయించి పెట్టుకున్నాడు. సోమవారమే జిల్లా ఆసుపత్రికి పోయి, లైనులో నిలబడి తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చుకున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు లేని పని అది.

కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో మొదట స్నిగ్ధ కాగితాలు స్కాన్ చేయించి, మూడింటికి మెయిల్ పంపాడు. తర్వాత అతీక్‌వి కూడా చేయించాడు. ఫైలు తయారైంది. ప్లేస్‌మెంటు గదికి వచ్చి, తలుపు దగ్గరేసి, కొత్త మెయిల్ తెరిచి ఫైలు తగిలించాడు. ఇక ఒక్క నొక్కు నొక్కాలి. అప్పుడే వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. శనివారం కొండగట్టుకు పోదామని, ఆఫర్ లెటర్ స్వామి ముందు పెట్టి తీసుకొద్దామని, పెద్దనాన్న వాళ్లు కూడా వస్తామన్నారని చెప్పాడు. విక్రాంత్ సరే బాపూ అన్నాడు.

ఫోన్ పెట్టేశాక అలాగే కూర్చుండిపోయాడు. మూడున్నర. నాలుగు. మంచినీళ్లు తాగి వచ్చాడు. అతీక్‌కు ఏం, వాళ్ల నాన్న మోటార్లు చుట్టే దుకాణంలో పుట్టి పెరిగినవాడు, ఎక్కడైనా బతుకుతాడు అనుకున్నాడు. ఇలాంటి మాటలు మనిషికి అవసరమైనప్పుడు ఎక్కడినుంచి పుట్టుకొస్తాయో తెలియదు, వరుసకట్టి వస్తాయి. నాలుగున్నరకు స్నిగ్ధ ఫోన్ చేసి, నాది పోయిందా, అతీక్‌ది చేరిందా అని అడిగింది. రెండూ అయిపోయాయన్నాడు. గోడగడియారంలో పెద్దముల్లు పన్నెండు దాటేదాకా కళ్లార్పకుండా చూశాడు. అయిదూ పదికి మెయిల్ మూసేశాడు. పంపని మెయిల్‌ను చెరిపేశాడు. దొంగతనం చేసినట్టు అనిపించలేదు, అసలు ఏమీ చేయనట్టే ఉంది. చేయకపోవడమే కదా అతను చేసింది.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ నుంచి జవాబొచ్చింది. ఒకరి అంగీకారమే అందిందనీ, రెండో చోటు విక్రాంత్‌కు ఇస్తున్నామనీ, మధ్యాహ్నంలోగా ఖాయం చేయమనీ రాసి, ఆఫర్ లెటర్ జతచేశారు. ఎనిమిదో తారీఖు పొద్దున ఎనిమిదింటికి రెండో గేటు దగ్గర హాజరు కావాలి. హాజరు చూసే టైమ్ ఆఫీసులో రాములు గారిని కలవాలి. కాలేజీ లెటర్, పదో తరగతి మెమో, ఆధార్ అసలువి చూపించాలి. కాలేజీ దగ్గర ఉన్న సర్టిఫికెట్లకు, అవి తమ దగ్గర ఉన్నాయని కాలేజీ రాసిచ్చిన కాగితం సరిపోతుంది. విక్రాంత్ ముందే సిద్ధం చేసుకున్న తన కాగితాలన్నీ పావుగంటలో పంపేశాడు. ఇందులో ఆలస్యం చేయలేదు.

సారుకు ఫోన్‌లో చెప్పక తప్పలేదు. అతీక్ ఎందుకు ఒప్పుకోలేదని సారు అడిగాడు. మంచి పిల్లగాడు కదా అన్నాడు. దూరమని వాళ్ల ఇంట్లో వద్దన్నారట సార్ అన్నాడు విక్రాంత్. అదే సంగతి ఫ్యాక్టరీ వాళ్లకూ ఒక ముక్క రాసెయ్ అన్నాడు సారు. రాసేశాడు. అంతకుముందు అతీక్ జవాబివ్వనివాడు మాత్రమే. ఆ మెయిల్ పోయాక వద్దన్నవాడయ్యాడు.

శనివారం కొండగట్టులో పూజారి లెటర్‌ను అంజన్న పాదాల దగ్గర పెట్టి, సిందూరం బొట్టు పెట్టి ఇచ్చాడు. సంతోష్‌రావు దాన్ని రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకున్నాడు. కొడుకు వైపు తిరిగి నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు. మెట్లు దిగుతుండగా విక్రాంత్ ఫోన్ మోగింది. ఇచ్చోడలో టవరు వచ్చినట్టుంది. కవరు చేరిందా, పంపినవా అని అతీక్ మెసేజ్. విక్రాంత్ పక్కకు తప్పుకుని, చేరింది, పంపిన అని రాశాడు. పెద్దనాన్న పిలుస్తుంటే పోయి కొబ్బరిచిప్ప అందుకున్నాడు. తర్వాత మూడు రోజులు నిజం చెప్పాలని మెసేజ్ మొదలుపెట్టడం, చెరిపేయడం అతని పనైపోయింది. ఫోన్ వస్తే ఎత్తలేదు. అతీక్ మాత్రం దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. చోటు రానందుకు విక్రాంత్ బాధలో ఉన్నాడనుకుని, ఎక్కువ కదిలించకుండా ఊరుకున్నాడు.

ఎనిమిదో తారీఖు పొద్దున ఏడున్నరకు సంతోష్‌రావు కారు రెండో గేటు ముందు ఆగింది. స్నిగ్ధ అప్పటికే వచ్చి ఉంది. సంతోష్‌రావు కొడుకు భుజం తట్టి, మిల్లులో పని ఉందని వెళ్లిపోయాడు. పది నిమిషాలు కాలేదు, షేర్ ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ముందు ఒక రేకు పెట్టె దిగింది, తర్వాత చాపచుట్ట దిగింది, తర్వాత అతీక్, వాళ్ల నాన్న దిగారు. తెల్లవారుజామున బయలుదేరారేమో, అజీముద్దీన్ ఇస్త్రీ చొక్కా నలిగిపోయి ఉంది. చేతివేళ్లకు వార్నిష్ మరకలు మాత్రం అలాగే ఉన్నాయి.

అతీక్ విక్రాంత్‌ను చూసి పరుగున వచ్చాడు.

"వెయిటింగ్ కదిలిందారా? చెప్పకపోతివి! ముగ్గుర్ని తీసుకుంటుండ్రా?"

స్నిగ్ధ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి లిస్టు చూసి రెండు పేర్లే ఉన్నాయన్నాడు. అతీక్ తన దగ్గర మిగిలిన ఆఫర్ లెటర్ మొదటి పేజీ తీసి చూపించాడు. పేరు, తేదీ, గేటు నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సెక్యూరిటీ మనిషి లోపలికి ఫోన్ చేస్తే టైమ్ ఆఫీసు నుంచి రాములు వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. చేతిలో ఒక కాగితం ఉంది.

"ఇగో బాబూ, నువ్వు రానన్నవని మీ కాలేజీ నుంచే మెయిల్ వచ్చింది. మీ ఇంట్ల దూరమన్నరట గదా. నీ సీటు వేరేటోళ్లకు ఇచ్చిన్రు. లిస్టు మూసిన్రు, నా చేతుల ఏం లేదు," అన్నాడు.

అజీముద్దీన్‌కు అర్థం కాలేదు. మేమెప్పుడు దూరమన్నాం, నేనే సంతకం పెట్టానే అంటూ కొడుకు వైపు చూశాడు. అతీక్ అక్కడికక్కడే లక్ష్మీకాంతరావు సారుకు ఫోన్ చేశాడు. అవతలి నుంచి సారు ఏం చెప్పాడో గానీ, అతీక్ ఒక్క నిమిషం విని, సరే సార్ అని పెట్టేశాడు. మెల్లగా తిరిగి విక్రాంత్ ముందుకు వచ్చాడు. మూడేళ్లు ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్లు. ఒకడి ముఖం ఒకడు పనిగట్టుకుని చదవనవసరం లేదు.

"కవర్ నాకు అందలే," అన్నాడు విక్రాంత్. ఎవరూ అడగకముందే అన్నాడు.

"చేరిందని నువ్వే రాసినవ్ గదరా."

"స్నిగ్ధది అనుకున్న."

స్నిగ్ధ ఏదో అనబోయి ఆగిపోయింది. నాలుగున్నరకు తనతో చెప్పిన మాట ఆమెకు గుర్తుండే ఉంటుంది. మాట్లాడితే తన జాయినింగ్ ఏమవుతుందో అనుకుందో ఏమో, సంచి పట్టీ సర్దుకుంటూ పక్కకు జరిగింది. ఆమె అలా తప్పుకోవడం కూడా విక్రాంత్ చూశాడు.

అజీముద్దీన్ కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. గేటు దగ్గర పంచాయితీ పెట్టుకోవద్దన్నాడు. ఓంప్రకాశ్ ఇన్నేళ్లలో ఒక్క చీటీ పోగొట్టలేదు, ఇదొక్కటి ఎలా పోయిందో పోయి అడుగుదామన్నాడు. తర్వాత విక్రాంత్ వైపు తిరిగి, తన కొడుకు స్నేహితుడితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నువ్వు లోపటికి పోతున్నవ్ గద బేటా. పెద్ద సార్లు కనబడితే జర మావోని సంగతి చెప్పు. గరీబోళ్లం, మాట తప్పెటోళ్లం కాదని చెప్పు."

"పద అబ్బా," అన్నాడు అతీక్ తండ్రితో. ఆ రెండు మాటలే అన్నాడు. రేకు పెట్టె ఒక కొస తను పట్టుకున్నాడు, రెండో కొస వాళ్ల నాన్న పట్టుకున్నాడు. ఇద్దరూ రోడ్డు దాటి బస్సు ఆగే రేకుల షెడ్డు కిందికి పోయారు. ఇక ఇచ్చోడలో ఓంప్రకాశ్ పేరు ఏమవుతుందో విక్రాంత్‌కు తెలుసు. కవర్లు పోగొట్టే డ్రైవరని అంటారు. ఆ మాట ఆపడానికి గేటు ఇవతల ఇంకా అయిదు నిమిషాల సమయం ఉంది. విక్రాంత్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి, నియమం ప్రకారం ఫోన్ సెక్యూరిటీ దగ్గర ఇచ్చేసి, టోకెన్ తీసుకుని లోపలికి నడిచాడు.

ఆఫీసులో నవీన మేడం జాయినింగ్ పనులు చూస్తుంది. అసలు కాగితాలు ఒక్కొక్కటే నకళ్లతో పోల్చి చూసి వెనక్కిచ్చింది. సిందూరం మరక ఉన్న ఆఫర్ లెటర్ చూసి చిన్నగా నవ్వింది. నాలుగు పేజీల ఫారం ఇచ్చి నింపమంది. విక్రాంత్ అన్నీ నింపి చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు. నడవడిక గురించి చెప్పగల ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాయాలి. ఒకరు లెక్చరర్, ఒకరు తోటి విద్యార్థి. బంధువులు, ఇదే బ్యాచ్‌లో చేరేవాళ్లు పనికిరారు.

సారు నంబరు మేడం దగ్గరే ఉంది. రెండో గడి ఖాళీగా వదిలేసి ఫారం ఇచ్చాడు. అది నింపకపోతే ఐడీ కార్డు రాదంది మేడం. ఫోన్ గేటు దగ్గర ఉంది, నంబర్లు గుర్తులేవు మేడం అన్నాడు. ఒక్కటి కూడా గుర్తులేదా అందామె. స్నిగ్ధ పక్క టేబుల్ మీద తల ఎత్తకుండా రాసుకుంటోంది.

గుర్తుంది. ఒకే ఒక్కటి గుర్తుంది. హాస్టల్లో ఫోన్ ఎక్కడో పెట్టి మరిచిపోయేవాడు అతీక్. రోజుకు రెండుసార్లు ఆ నంబరుకు రింగిచ్చి మంచాల కింద వెతకడం విక్రాంత్ పని. ఆ పది అంకెలు చేతివేళ్లకే వచ్చేశాయి. పేరు కూడా రాశాడు.

మేడం చూసి, రానన్న అబ్బాయి ఇతనే కదా అంది. విక్రాంత్ తల ఊపాడు. పర్వాలేదు, మాట్లాడటానికి అదేం అడ్డం కాదంటూ ఆమె టేబుల్ మీది ఫోన్ స్పీకర్‌లో పెట్టి నంబరు నొక్కింది. అవతల లారీల చప్పుడు వినిపించింది. షెడ్డు కిందే ఉన్నారన్నమాట, ఇంకా బస్సు రాలేదు. ఫ్యాక్టరీ నుంచి అని చెప్పి, విక్రాంత్ మీ పేరు రాశారు, ఎన్నాళ్లుగా తెలుసని అడిగింది.



"మూడేండ్ల సంది తెల్సు మేడం," అన్నాడు అతీక్.

"నమ్మదగ్గ మనిషేనా? బాధ్యత ఇస్తే సరిగ్గా చేస్తాడా?"

ఎవరో దగ్గారు, అజీముద్దీన్ అయి ఉండాలి.

"గా సంగతి ఆయన్నే అడుగున్రి మేడం."

మేడం కొంచెం చిరాకుగా, కొంచెం నవ్వుతూ విక్రాంత్ వైపు చూసింది. అప్పటికే ఆమె పెన్ను గడి మీద ఉంది, ఇంకా చాలామంది ఫారాలు ఉన్నాయి. నిన్నే అడగమంటున్నాడు, ఏమంటావ్, నమ్మొచ్చా అంది. ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. స్నిగ్ధ పెన్ను ఆగింది.

మెయిల్ ఒక్కటి పంపకపోవడం దగ్గర మొదలైంది ఇదంతా. ఇప్పుడు కూడా ఒక్క మాట చాలు. ఆ మాట విక్రాంత్ నాలుక మీదికి వచ్చింది కూడా. కొండగట్టు మెట్ల మీద నాన్న నవ్విన ముఖం కళ్ల ముందు నిలిచింది.

"నమ్మొచ్చు మేడం," అన్నాడు.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు అందరికీ వినిపించింది. నవీన మేడం గడిలో టిక్కు పెట్టి, ఐడీ కార్డు తాడు అతని చేతికిచ్చి, రెండో అంతస్తులో సేఫ్టీ క్లాసు మొదలవుతోంది, వెళ్లమంది.